పరీక్ష పోయిన కొరియన్ ఫ్రెండ్‌కి ఏం చెప్పాలి? జాలి పడినట్టు లేకుండా ఓదార్చడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొరియన్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లు నన్ను అర్ధరాత్రి అడిగేవి గ్రామర్ సందేహాలు కావు. "మా సియోల్ ఫ్రెండ్ పరీక్ష పోయిందట, ఇప్పుడేం మెసేజ్ పెట్టను?" లాంటివి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొరియన్ మాటలు తెలుగు లిపిలోనే రాశాను. వాటిలో "ఒ" కనిపించిన చాలాచోట్ల అసలు ధ్వని అకారానికీ ఒకారానికీ మధ్యలో ఉంటుంది. వీలైతే కొరియన్ వాళ్ల నోట ఒకసారి విని సరిచూసుకోండి.

"అయ్యో పాపం" అని కొరియన్‌లో ఎలా అనాలి?

అనొద్దు. నిఘంటువు చూస్తే "బుల్సంగ్‌హె" అని దొరుకుతుంది, అర్థం కూడా సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ మాట వానలో తడుస్తున్న కుక్కపిల్లను చూసినప్పుడో, దిక్కులేని వాళ్ల కథ విన్నప్పుడో వాడేది. మన "పాపం" చాలా తేలికైన మాట. బస్సు తప్పినవాణ్ణీ పాపం అంటాం, జ్వరం వచ్చినవాణ్ణీ పాపం అంటాం, ఎదుటివాడు ఏమీ అనుకోడు. బుల్సంగ్‌హెలో ఆ తేలిక లేదు. అన్నవాడు ఒడ్డున ఉన్నాడు, విన్నవాడు నీళ్లలో ఉన్నాడు అన్నట్టు వినిపిస్తుంది. కొరియన్లు "జజోన్షిమ్" అనే ఆత్మాభిమానం మీద సరిగ్గా అక్కడే దెబ్బ పడుతుంది.

ఇది నేను చేసిన తప్పే. సియోల్‌లో చదువుకునే రోజుల్లో నా ఈడు ఫ్రెండ్ ఒకమ్మాయి ప్రభుత్వ ఉద్యోగాల 9వ గ్రేడ్ పరీక్షకు ప్రిపేర్ అవుతుండేది. ఆ రాతపరీక్షలో ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానిలో 20 ప్రశ్నలు, ప్రశ్నకు 5 మార్కులు. తను ఒకే ఒక్క ప్రశ్న తేడాతో కట్‌లైన్ కింద పడింది. ఆ సంగతి తనే మెసేజ్ పెట్టింది. నేను వెంటనే ఏం రాశానో ఇప్పటికీ గుర్తుంది: "అన్‌ద్వెన్నె ㅠㅠ బుల్సంగ్‌హె ㅠㅠ తఉమెన్ తొ యొల్‌షిమ్హి హమ్యొన్ ద్వె. హిమ్నే!" తెలుగులో చెప్పాలంటే, "అయ్యో, పాపం నువ్వు. ఈసారి ఇంకా కష్టపడితే సరిపోతుంది. ధైర్యంగా ఉండు!" మనసులో ఉన్నదంతా పెట్టాననే అనుకున్నాను. తను "ఉంగ్, గోమావొ" అంది, అంటే "ఊఁ, థాంక్స్". తర్వాత రెండు వారాలు మాటల్లేవు.

ఆ నాలుగు ముక్కల్లో ఒక్కటి కూడా ఉండాల్సింది కాదని తర్వాత తెలిసింది. కింది జవాబులు చాలావరకు ఆ మెసేజ్‌కి పోస్ట్‌మార్టమే.

మరి మొదట చెప్పాల్సిన మాట ఏది?

"గోసెంగ్ మనస్సొ." చాలా కష్టపడ్డావు అని. గోసెంగ్ అనేది చీనా అక్షరాల నుంచి వచ్చిన మాట, "చేదు" అనే అక్షరం, "బతుకు" అనే అక్షరం కలిసి అయింది. మనస్సొ అంటే "ఎక్కువగా ఉండింది". మన "మనస్సు"కు దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. సంబంధం మాత్రం ఏమీ లేదు.

ఈ మాట పనిచేయడానికి కారణం అందులోని భూతకాలం. పరీక్ష ఫలితం గురించి ఇది ఒక్క ముక్క కూడా అనదు. పాసైనవాడికీ ఇదే చెబుతారు, పోయినవాడికీ ఇదే చెబుతారు. పరీక్ష హాల్ నుంచి బయటికొచ్చిన పిల్లలకు గేటు దగ్గర అమ్మానాన్నలు చెప్పేదీ ఇదే, అప్పటికి ఫలితం ఎవరికీ తెలియదు. అందుకే పోయిన తర్వాత ఇదే మాట అన్నప్పుడు "ఫలితం ఏదైనా, నువ్వు పడ్డ శ్రమ నేను చూశాను" అన్న అర్థం దానంతటదే వచ్చేస్తుంది. జాలికి చోటే ఉండదు, ఎందుకంటే మీరు మాట్లాడుతున్నది తను చేసిన పని గురించి, తన దురదృష్టం గురించి కాదు.

తెలుగులో మనం ఇలాంటి వేళ ముందు భవిష్యత్తులోకి దూకుతాం. "ఈసారి కాకపోతే వచ్చేసారి", "నీకేంటి, నువ్వు కొట్టేస్తావు" అంటాం. కొరియన్‌లో ముందు వెనక్కి తిరిగి చూడాలి. జరిగిన శ్రమను ఒప్పుకున్న తర్వాతే ముందు మాట.

ఇంకాస్త దగ్గరివాళ్లైతే దాని పక్కనే, "నిగా ఒల్‌మనా యొల్‌షిమ్హి హెన్నుంజి నెగా అరా" అనొచ్చు. నువ్వెంత కష్టపడి చదివావో నాకు తెలుసు అని. కానీ నిజంగా తెలిస్తేనే అనండి. ఆర్నెల్లుగా పలకరించనివాళ్లు ఈ మాట అంటే అవతలివాళ్లు ఇట్టే పసిగడతారు.

సుగోహెస్సొ అని కూడా విన్నాను. రెండూ ఒకటేనా?

దగ్గరవే, కానీ బరువు తేడా ఉంది. సుగో మాట ఆఫీసులో సాయంత్రం వెళ్లిపోయేటప్పుడు, పార్సెల్ తెచ్చినతనితో, గ్రూప్ ప్రాజెక్ట్ అయిపోయాక ఇలా రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. చేసిన పనికి మెచ్చుకోలు అది. గోసెంగ్‌లో పడ్డ బాధ కూడా కలిసి ఉంటుంది. పరీక్ష రాసి వచ్చిన రోజు సుగోహెస్సొ చక్కగా నప్పుతుంది. పోయిందని తెలిసిన రోజు గోసెంగ్ మనస్సొ అనండి.

హిమ్నే అనడంలో తప్పేముంది? డ్రామాల్లో అందరూ అంటారు కదా.

తప్పు మాట కాదు, తప్పు సమయం. హిమ్ అంటే బలం, నే అంటే "బయటికి తియ్యి". విడదీసి చూస్తే అది ఒక ఆజ్ఞ. ఏడాదంతా చదివి, ఓడి, ఖాళీగా కూర్చున్న మనిషితో "బలం తియ్యి" అంటే, "ఎక్కణ్ణుంచి తియ్యమంటావు?" అని కడుపు మండుతుంది. కొరియన్లలోనే ఈ మాట మీద విసుగు ఉంది. హిమ్నే అనే మాట వింటే ఉన్న బలం కూడా పోతుందని చెప్పేవాళ్లు, ముఖ్యంగా కుర్రకారులో, చాలామంది తగులుతారు.

పాయిటింగ్ సంగతి ఇంకా స్పష్టం. ఇంగ్లీషు "ఫైటింగ్" నుంచి వచ్చిన ఈ కేక పోటీ ముందు వేసేది. హ్వాయిటింగ్ అని కూడా పలుకుతారు. ఆట అయిపోయి స్టేడియం ఖాళీ అయ్యాక కేక వేస్తే ఎలా ఉంటుందో, ఫలితం వచ్చిన రోజు పాయిటింగ్ అలాగే ఉంటుంది. మళ్లీ రాయాలని తనే నిర్ణయించుకుని, పుస్తకం తెరిచిన రోజున చెప్పండి. అప్పుడు దానికి విలువ.

నాకూ బాధగా ఉందని చెప్పాలి కదా. జాలిలా కాకుండా ఎలా చెప్పాలి?

ఇక్కడ రెండు క్రియలు నేర్చుకుంటే చాలు.

ఒకటి, "సోక్సంగ్‌హదా". సోక్ అంటే లోపలి భాగం, సంగ్‌హదా అంటే పాడవడం. పాలు పాడైనా సంగ్‌హదాయే. లోపలంతా పాడైపోయింది, అంటే మన "మనసు పాడైంది" ఉన్నదున్నట్టే. తెలుగువాళ్లకు ఇంత సులువుగా అందే కొరియన్ మాట తక్కువ.

రెండు, "అష్విప్తా". చేతికి అందబోయి జారిపోయినప్పటి వెలితి ఇది. క్రికెట్లో ఆఖరి బంతికి ఓడినప్పుడు "ఛ, ఎంత పనైంది!" అంటాం చూడండి, ఆ భావం. అన్నవాడు కూడా ఆ మ్యాచ్ గెలవాలనే కోరుకున్నాడని ఇందులోనే తెలిసిపోతుంది. బుల్సంగ్‌హె అన్నప్పుడు నేను తనను చూసి బాధపడ్డాను. అష్విప్తా అంటే తనతో కలిసి ఆ ఒక్క ప్రశ్న వైపు చూసి బాధపడినట్టు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కొద్దిలో పోయినప్పుడే ఇది అతుకుతుంది. ముప్ఫై మార్కుల తేడాతో పోయినవాళ్లతో అంటే వెక్కిరింపులా ఉంటుంది.

ఇక అసలు కిటుకు వాక్యం చివర ఉంటుంది. ఒకే క్రియ, తోక మారితే మనిషే మారిపోతాడు.

"-నె" తోక అప్పుడే ఏదో గమనించినట్టు చెప్పేది. నేను పంపిన అన్‌ద్వెన్నెలో ఉన్నది అదే. "అరే, పాపం ఇలా అయిందే" అని రోడ్డు మీద పోతూ ఆగి చూసినవాడి గొంతు. పక్కింటివాళ్ల అబ్బాయి గురించి అనే మాట, ఫ్రెండ్ ముఖం మీద అనేది కాదు.

"-గెత్తా" తోక ఊహించి చెప్పేది. "సోక్సంగ్‌హగెత్తా" అంటే "నీకు మనసెంత పాడై ఉంటుందో". నాకు పూర్తిగా తెలియదు, ఊహించగలను అని ఒక అడుగు వెనక నిలబడి చెప్పడం. మర్యాదైన దూరం, భద్రమైన మాట.

"-జి" తోక ఇద్దరికీ తెలిసిన సంగతిని ప్రశ్నలా అడిగేది. "మానీ సోక్సంగ్‌హజి?" అంటే "చాలా బాధగా ఉంది కదూ?" ఇది దగ్గరివాళ్ల మాట. అవతలివాళ్లు "ఊఁ" అని చిన్నగా ఒప్పుకోవడానికీ, ఇష్టమైతే ఏడవడానికీ తలుపు తెరిచి పెడుతుంది. మన "కదూ" చేసే పనే.

అన్‌ద్వెన్నె గురించి ఇంకో చిన్న చిక్కు. మొదటి అక్షరం తర్వాత ఖాళీ వదిలి రాస్తే "అవ్వలేదు" అని అర్థం, కలిపి రాస్తే "పాపం" అని అర్థం. కొరియన్లు కూడా టైపింగ్‌లో ఖాళీల విషయంలో తడబడతారు. అందుకే ఆ మాట జోలికే పోకపోవడం మేలు.

గ్వెన్‌ఛన అంటే "ఫర్వాలేదు" కదా, అది చాలదా?

ఎవరు ఎవరితో అంటున్నారన్నది చూడాలి. "గ్వెన్‌ఛన?" అని గొంతు పైకి లేపి అడిగితే "బాగానే ఉన్నావా?" అని. బాగుంటుంది. గొంతు దింపి "గ్వెన్‌ఛన, గ్వెన్‌ఛన" అంటే "ఏం ఫర్వాలేదులే" అని. పక్కన కూర్చుని వీపు నిమురుతూ అంటే అదీ బాగుంటుంది. కానీ మెసేజ్‌లో గొంతు వినిపించదు, చెయ్యి కనిపించదు. ఏడాది శ్రమ పోయినవాళ్ల ఫోన్‌లో "ఫర్వాలేదు" అని పొడిగా పడితే "ఫర్వా ఉందో లేదో చెప్పడానికి నువ్వెవరు?" అనిపించొచ్చు.

దీన్నే తిప్పి, "అన్ గ్వెన్‌ఛనదో ద్వె" అనొచ్చు. బాగుండకపోయినా ఫర్వాలేదు అని. నాకైతే ఇది మొదటిదానికంటే చాలా నచ్చుతుంది.

"ఫెయిల్ అయ్యావు" అనే మాట నేను వాడొచ్చా?

వాడకండి, తనే అన్నా సరే. కొరియన్‌లో పరీక్ష పోవడాన్ని "తొరొజిదా" అంటారు, అంటే పడిపోవడం, రాలిపోవడం. చెట్టు నుంచి ఆకు రాలినా అదే క్రియ. పాసవడం "బుత్తా", అంటే అంటుకోవడం. అందుకే పరీక్షకు ముందు అంటుకునే తిండి పెడతారు, యొత్ అనే జిగురు మిఠాయి, ఛప్సల్‌తొక్ అనే బంకలాంటి బియ్యపు ముద్ద. మియొక్ అనే సముద్రపు నాచుతో చేసే సూప్ జారుతుంది కాబట్టి పరీక్ష రోజు ముట్టరు. అదే సూప్ పుట్టినరోజున తప్పనిసరి, బాలింతలకు పథ్యం. పరీక్ష రోజునే పుట్టినరోజు వచ్చిన పిల్లల అవస్థ మీరే ఊహించుకోండి. "మియొక్ సూప్ తాగాడు" అంటే పరీక్ష తప్పాడని జాతీయం. తన గురించి తను నవ్వుతూ చెప్పుకోవచ్చు గానీ, మీరు అన్నారంటే ఆట పట్టించినట్టే.

ఇంకో సంగతి. ఫ్రెండ్ "మంగ్‌ఛొస్సొ" అంటే చెడగొట్టాను అని, ఇంకా ఫలితం రాలేదని అర్థం. మనవాళ్లు పరీక్ష రాసొచ్చి "పోయిందిరా" అని గింజుకుంటారే, అచ్చం అదే. "తొరొజొస్సొ" అంటే మాత్రం ఫలితం వచ్చింది, పోయింది. మొదటిదానికి రెండోదాని ఓదార్పు ఇచ్చేశారంటే, రాని చావుకు ఏడ్చినట్టు ఉంటుంది.

"ఈసారి బాగా చదివితే సరిపోతుంది" అని ధైర్యం చెప్పడం కూడా తప్పేనా?

నా మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ గుచ్చింది అదే. "తొ యొల్‌షిమ్హి" అంటే "ఇంకా శ్రద్ధగా". ఆ "ఇంకా"లో "ఇప్పటిదాకా చాల్లేదు" అన్న తీర్పు దాగి ఉంది. "హమ్యొన్ ద్వె" అంటే "చేస్తే చాలు", అంటే పెద్ద పని కాదన్నట్టు. రోజుకు పన్నెండు గంటలు రీడింగ్ రూమ్‌లో కూర్చున్న మనిషికి ఈ రెండూ ఒకేసారి చెప్పాను.

పైగా మళ్లీ రాస్తుందో లేదో నాకేం తెలుసు? కొరియాలో యూనివర్సిటీ ప్రవేశానికి నవంబర్‌లో జరిగే సునుంగ్ పోయి మరో ఏడాది కూర్చోవడాన్ని జెసు అంటారు, మూడోసారైతే సమ్సు. ఇంట్లో డబ్బు, వయసు, అబ్బాయిలకైతే సైనిక సేవ, ఇవన్నీ ఆ నిర్ణయంలో ఉంటాయి. మన దగ్గర ఇంటర్ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్న ఇళ్లలో ఈ లెక్కలు తెలుసు. ఆ చర్చ తనూ ఇంట్లోవాళ్లూ చేసుకునేది. "జెసు చేస్తావా?" అని మొదటి వారంలో మీరు అడగకండి. తనే ఎత్తితే వినండి.

సామెతలు వాడొచ్చా?

కొరియన్‌లో సామెత తెలుసని చూపించాలని మనకు చెయ్యి దురద పెడుతుంది. ఏడుసార్లు పడి ఎనిమిదోసారి లేవడం గురించి "చిల్‌జొన్‌పల్గి" ఉంది, ఓటమి విజయానికి తల్లి అన్నదీ ఉంది. అవి స్కూల్ గోడ మీద బాగుంటాయి. "కోతి కూడా చెట్టు మీంచి పడుతుంది" అన్నది మరీ ప్రమాదం. అందులోని "పడుతుంది" పైన చెప్పిన తొరొజిదాయే.

ఫ్రెండ్ నాకంటే రెండేళ్లు పెద్ద. ఇవే మాటలు చెప్పొచ్చా?

మాట అదే, తోక మారాలి. కొరియన్‌లో ఛింగు, అంటే ఫ్రెండ్, సాధారణంగా ఒకే ఈడువాళ్లనే అంటారు. ఒక ఏడాది పెద్దయినా వరస వచ్చేస్తుంది. మాట్లాడేది అమ్మాయైతే ఒన్ని, ఒప్పా, అబ్బాయైతే నూనా, హ్యొంగ్, కాలేజీలో సొన్‌బే. మన అక్క, అన్న లాగే, పేరు ఒక్కటే పెట్టి పిలవరు.

వాళ్లతో ఇంకా "మీరు" స్థాయిలోనే మాట్లాడుతుంటే "గోసెంగ్ మనుష్యొస్సొయో" అనండి. సుగో మాటను పెద్దవాళ్లతో వాడకపోవడమే మర్యాద, పైవాడు కిందివాణ్ణి మెచ్చుకున్నట్టు ఉంటుందని కొందరికి పట్టింపు. హిమ్నేకు మర్యాద రూపం ఉన్నా, మర్యాదగా ఇచ్చిన ఆజ్ఞ కూడా ఆజ్ఞే. చిన్నవాళ్లం మనం సలహా ఇవ్వకుండా ఉంటే అదే సగం ఓదార్పు.

చనువు ఉండి ఇప్పటికే "నువ్వు" స్థాయిలో మాట్లాడుకుంటున్నవాళ్లు, పాపం కదా అని ఇవాళ ఒక్కరోజు మర్యాద రూపంలోకి మారకండి. హఠాత్తుగా "మీరు" అనేసరికి పరామర్శకు వచ్చిన చుట్టంలా అయిపోతారు.

మొత్తం మెసేజ్ ఎలా ఉండాలో ఒకటి రాసి చూపిస్తారా?

ఆ ఫ్రెండ్‌కే ఇప్పుడైతే ఇలా పెట్టేదాన్ని. తన పేరు జీఉన్ అనుకుందాం.

"జీఉనా, మల్హె జ్వొసొ గోమావొ. గోసెంగ్ మనస్సొ. హన్ ముంజె ఛాయిరాని, నొము అష్విప్తా. మానీ సోక్సంగ్‌హజి? తప్‌చంగ్ అన్ హెదో ద్వె. థోయొయిరె తొక్‌పొక్కి మొగురొ గజా. నెగా సల్కె."

మొదట పిలుపు. పేరు హల్లుతో ముగిస్తే "ఆ" చేరుతుంది, జీఉన్ జీఉనా అవుతుంది. అచ్చుతో ముగిస్తే "యా", మిన్సు మిన్సుయా అవుతాడు. ఇలా పేరు పెట్టి పిలవడంలో మన "ఒసే", "ఒరే" అంత దగ్గరితనం ఉంది. సమవయస్కులతో, చిన్నవాళ్లతోనే.

తర్వాత "నాకు చెప్పినందుకు థాంక్స్". పోయిందని చెప్పడానికి తను ఎంత కూడదీసుకుని ఉంటుందో గుర్తించే వాక్యం ఇది. జాలికి ఇది పూర్తిగా ఎదురు, ఎందుకంటే ఇక్కడ ఇచ్చింది తను, పుచ్చుకున్నది నేను. ఆ సంగతి మూడోవాళ్ల ద్వారా మీకు తెలిస్తే ఈ వాక్యం తీసేయండి. ఆ మాటకొస్తే, తను చెప్పేదాకా మెసేజే పెట్టకపోవడం చాలాసార్లు నయం.

"ఒక్క ప్రశ్న తేడానా, అయ్యో ఎంత దగ్గర్లో!" అన్నది అష్విప్తా వాక్యం. "-రాని" అనే తోకలో నమ్మలేకపోవడం ఉంది. తర్వాత "కదూ" వాక్యం.

ఆ తర్వాతది ముఖ్యం: "జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు." కొరియాలో అందరూ వాడే కాకావోటాక్‌లో, మీ మెసేజ్ పక్కన చిన్న "1" ఉంటుంది, అవతలివాళ్లు చదవగానే మాయమవుతుంది. చదివి జవాబివ్వకపోవడాన్ని "ఇక్‌షిప్" అని పేరు పెట్టి మరీ తప్పు పడతారు. బాధలో ఉన్న మనిషికి ఆ "1" ఒక టెన్షన్. ఈ ఒక్క వాక్యం ఆ బాధ్యత తీసేస్తుంది.

చివర శనివారం తొక్‌పొక్కి, బిల్లు నాది. ఎర్రటి కారం సాస్‌లో ఉడికించిన ఆ బియ్యపు ముక్కలు మన మిర్చి బజ్జీలాగే బాధలో పనికొచ్చే తిండి. "ఎప్పుడైనా కాల్ చెయ్యి" అంటే భారం తన మీద పడుతుంది. ఏ రోజో, ఏం తిందామో మీరే చెప్పేస్తే తను "సరే" అంటే చాలు.

ఇక ㅠㅠ గుర్తులు. అవి కారుతున్న కన్నీళ్ల బొమ్మలు. మొత్తం మెసేజ్‌లో ఒక్కసారి, అష్విప్తా పక్కన ఉంటే ముద్దుగా ఉంటుంది. నేను పెట్టినట్టు వాక్యానికొకటి పెడితే మీ ఏడుపును తను ఓదార్చాల్సి వస్తుంది. ㅋㅋ అనేది నవ్వు, ఆ రోజుకు వద్దు. ఏమీ రాయలేనంత దగ్గరివాళ్లైతే "థోదక్ థోదక్" అని మాత్రమే పంపేవాళ్లూ ఉన్నారు. అది పిల్లల్ని జోకొట్టేటప్పుడు వీపు మీద పడే చేతి చప్పుడు. మనకంటే పెద్దవాళ్లకు పంపకూడదని వేరే చెప్పక్కర్లేదు.

తను "గ్వెన్‌ఛన" అని జవాబిచ్చి ఊరుకుంది. ఇంకేమైనా అనాలా?

నమ్మినట్టే ఉండండి. మనం "బాగానే ఉన్నాన్లే" అన్నప్పుడు నిజంగా బాగున్నామా ఏంటి? "అబద్ధం చెప్పకు, నాకు తెలుసు" అని తవ్వితే, దాచుకోవడానికి ఉన్న ఆ కాస్త తెరా లాగేసినట్టు. "ఉంగ్, థోయొయిరె బోజా", అంటే "ఊఁ, శనివారం కలుద్దాం" అని ఆపేయండి. మూడు నాలుగు రోజుల తర్వాత పరీక్షతో సంబంధం లేనిదేదైనా పంపండి, పిల్లి ఫొటో అయినా సరే. పరీక్ష తప్ప తన గురించి మాట్లాడటానికి నా దగ్గర ఇంకేమీ లేదన్నట్టు ప్రతి మెసేజ్‌లోనూ "ఇప్పుడెలా ఉన్నావు?" అని అడుగుతూ ఉంటే, అదీ జాలిలోకే వస్తుంది.

అయితే తిండి, నిద్ర మానేసిందనో, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతోందనో తెలిస్తే ఈ మాటల లెక్కలన్నీ పక్కన పెట్టండి. నేరుగా అడగండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఒంటరిగా వదలకండి.

మేమిద్దరం కలిసి టోపిక్ రాశాం. నాకు అనుకున్న లెవెల్ వచ్చింది, తనకు రాలేదు. ఏమనాలి?

టోపిక్ అంటే కొరియన్ భాష ఎంత వచ్చో కొలిచే పరీక్ష, అందులో మొత్తం మార్కులను బట్టి లెవెల్ ఇస్తారు. రెండో స్థాయి పరీక్షలో 300కి 120 వస్తే 3వ లెవెల్, 150కి 4, 190కి 5, 230కి 6. కాబట్టి 4 కావాలనుకున్న మనిషికి 148 వస్తే చేతిలో 3వ లెవెల్ సర్టిఫికెట్ ఉంటుంది, రెండేళ్లు చెల్లుతుంది. కానీ ఇది మీరు చెప్పడం కంటే తను గుర్తుచేసుకోవడం బాగుంటుంది. "3 వచ్చిందిగా" అని 4 వచ్చినవాళ్లు అంటే ఎలా ఉంటుంది?

మీ మార్కు దాచొద్దు, తగ్గించి కూడా చెప్పొద్దు. "నాదంతా లక్కే" అనడం కూడా జాలే, కాస్త ముసుగేసుకుంది అంతే. అడిగితే నంబర్ చెప్పి ఆపండి. తర్వాత "ఉరి గోసెంగ్ మనస్సొ" అనండి. ఉరి అంటే "మనం". ఇద్దరం కష్టపడ్డాం అని. ఇద్దరూ తెలుగువాళ్లే అయినా ఈ ఒక్క మాట కొరియన్‌లో అనుకోవడం బాగుంటుంది, కలిసి నేర్చుకున్న భాష కదా.

మీ ఫ్రెండ్‌తో ఆ తర్వాత ఏమైంది?

రెండు వారాల తర్వాత నేనే వెళ్లాను, తను ఉండే నోర్యాంగ్‌జిన్‌కి. సియోల్‌లో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ పేట అది. అక్కడ రోడ్డు పక్క బండ్ల మీద కప్పుల్లో అన్నం, పైన కిమ్చీ, గుడ్డు వేసి అమ్ముతారు, కప్‌పబ్ అంటారు. నిలబడే తిన్నాం. బుల్సంగ్‌హె అన్నందుకు సారీ చెప్పాను. తను పకపకా నవ్వి, "ఆ రోజు నన్ను రోడ్డు మీద పిల్లిపిల్లను చేశావు" అంది. బిల్లు నేను కడతానంటే ఒప్పుకోలేదు, తనే కట్టింది.